సీనియర్ రాసిన మొత్తంలో 44 తగ్గింది, ఎలా చెప్పాలి?

ప్రశ్న: మా బృందమంతా కలిసి నింపే గూగుల్ షీట్‌లో శిక్షణకు వచ్చేవాళ్ల మొత్తం 412 అని చూపిస్తోంది. నేను కూడితే 456 వస్తోంది. D16 సెల్‌లో `=SUM(D2:D13)` అని ఉంది, వివరాలు మాత్రం 15వ వరుస దాకా ఉన్నాయి. ఆ ఫార్ములా రాసింది నాకంటే బాగా సీనియర్ అయిన మేడం అని సెల్ చరిత్రలో కనబడింది. ఎల్లుండి ఉదయం ఇది డైరెక్టర్ గారి ముందుకు వెళ్తుంది. నేనే సరిచేసేస్తే సరిపోతుందా, కామెంట్ పెట్టాలా, విడిగా చెప్పాలా? ఆవిడ నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో తెలియడం లేదు.

సమాధానం:

విడిగా చెప్పండి, ఈరోజే చెప్పండి, ఆ సెల్‌ను మాత్రం మీరు ముట్టుకోకండి. నలుగురు కలిసి రాసే నివేదికలకు తుది పరిశీలన చేయడమే చాలా ఏళ్లుగా నా పని. ఇలాంటి విషయాల్లో మాట నొప్పించిన సందర్భాలకంటే, సరిగ్గా చూసుకోకుండా మాట్లాడటం వల్ల చెడిన సందర్భాలే ఎక్కువ చూశాను. అందుకే ఎలా చెప్పాలన్నదానికి వచ్చే ముందు, ఏం చెప్పబోతున్నారో ఒకసారి ఖాయం చేసుకుందాం.

D2 నుంచి D15 దాకా సెల్స్‌ను ఎంచుకుంటే షీట్ కింద కుడి మూలన ఆ సెల్స్ మొత్తం కనబడుతుంది. అక్కడ 456 వచ్చిందంటే మీ కూడిక సరైనదే, పైగా ఆ సెల్స్‌లో ఉన్నవన్నీ అంకెలే. ఒక్కోసారి అంకె అక్షరాల రూపంలో పడి ఉంటుంది, చూడటానికి 26లాగే కనబడుతుంది కానీ SUM దాన్ని లెక్కలోకి తీసుకోదు. అలాంటిదేదీ లేదని తేలాక 14, 15 వరుసల్లో ఎవరున్నారో చదవండి. మీరు చెప్పిన తేడాను బట్టి ఆ రెండు వరుసల్లో కలిపి 44 మంది ఉండాలి, 26, 18 అనుకుందాం. వాళ్లను కావాలనే మొత్తంలో కలపకుండా ఉంచారా అన్నది తర్వాత చూడాల్సిన సంగతి. వాళ్ల శిక్షణ వేరే పద్దు కిందికి వస్తుండవచ్చు, లేదా తరువాతి విడతకు వాయిదా పడి ఉండవచ్చు. సెల్ మూలన చిన్న త్రికోణం ఉంటే అక్కడ నోట్ గానీ కామెంట్ గానీ ఉన్నట్టు. ముగిసిపోయిన పాత కామెంట్లు కూడా కామెంట్ల జాబితాలో దొరుకుతాయి. ఒకసారి అవి తిరగేయండి. ఇదంతా పది నిమిషాల పని.

ఇక సెల్ చరిత్ర సంగతి. ఇక్కడే మీరు తొందరపడే ప్రమాదం ఉంది. సెల్ మీద కుడి క్లిక్ చేసి `Show edit history` నొక్కితే ఆ సెల్‌లో ఎవరు ఏం మార్చారో కనబడుతుంది, నిజమే. కానీ వరుసలు చేర్చడం, తీసేయడం అందులో కనబడకపోవచ్చని గూగుల్ సహాయ పేజీలోనే ఉంది. మీ ఫార్ములాను మళ్లీ చూడండి. D2 నుంచి D13 వరకు అంటే పన్నెండు వరుసలు. ఆవిడ అది రాసిన రోజున షీట్‌లో పన్నెండు విభాగాలే ఉండి, మొత్తం D14లో ఉండి ఉంటే, ఆ ఫార్ములాలో తప్పేమీ లేదు. తర్వాత ఎవరో మొత్తానికి పైన, 13వ వరుసకు కింద రెండు కొత్త వరుసలు చొప్పించారు. మొత్తం కిందికి జరిగి D16లోకి వచ్చింది. పరిధి మధ్యలో వరుస చేరిస్తే ఫార్ములా తనంతట తాను సాగుతుంది. పరిధి ముగిసిన చోట చేరిస్తే చాలాసార్లు సాగదు. ఆ వరుసలు చేర్చింది ఆవిడే కావచ్చు, మరొకరు కావచ్చు, మీ విభాగం వాళ్లే కావచ్చు. `File > Version history > See version history` లోకి వెళ్లి పాత ప్రతులు ఒక్కొక్కటీ తెరిస్తే అది తెలుస్తుంది.

ఆ వివరం తెలుసుకోమంటున్నది ఆవిడకు చూపించడానికి కాదు, మీ మనసులో ఉన్న "ఆవిడ తప్పు చేశారు" అన్న వాక్యాన్ని సరిచేసుకోవడానికి. ఆ వాక్యం లోపల ఉన్నంతసేపు ఎంత మర్యాదగా రాసినా ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. "14, 15 వరుసలు మొత్తంలో కలవలేదు" అన్నది మాత్రం ఎవరు చేర్చినా, ఎప్పుడు చేర్చినా నిజం. మీరు చెప్పాల్సింది అంతవరకే.

ఇది పెద్దపెద్దవాళ్ల లెక్కల్లో కూడా జరిగిన పొరపాటే. 2010లో కార్మెన్ రీన్‌హార్ట్, కెన్నెత్ రోగోఫ్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వ రుణానికీ ఆర్థిక వృద్ధికీ ఉన్న సంబంధం మీద ఒక పత్రం ప్రచురించారు. దాన్ని చాలా దేశాల్లో విధాన చర్చల్లో ఉదహరించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్‌లో పరిశోధన విద్యార్థిగా ఉన్న థామస్ హెర్న్‌డన్ వాళ్ల ఎక్సెల్ షీట్‌ను తెరిచి చూస్తే, 30 నుంచి 49వ వరుస దాకా వెళ్లాల్సిన సగటు 44వ వరుస దగ్గరే ఆగిపోయి ఉంది. అయిదు దేశాలు లెక్కలోకి రాలేదు. రచయితలు ఆ పొరపాటును ఒప్పుకున్నారు, తమ ముగింపు మాత్రం నిలుస్తుందని వాదించారు. ఆ పత్రం మీద ఇంకా వేరే అభ్యంతరాలూ వచ్చాయి, వాటి జోలికి ఇక్కడ పోనక్కర్లేదు. మన పనికి ఇందులో రెండు విషయాలు పనికొస్తాయి. ఒకటి, ఇలాంటి తప్పు కంటికి కనబడదు. 412 కూడా నమ్మదగ్గ అంకెలాగే ఉంటుంది, ఎర్రగా ఏ హెచ్చరికా రాదు. రెండోది, హెర్న్‌డన్ ఆ షీట్‌ను ముందుగా రచయితలనే అడిగి తెప్పించుకున్నాడు.

ఇప్పుడు, మీరే సరిచేసేస్తే ఏమవుతుంది? ఎవరికీ తెలియకుండా జరిగిపోతుందని అనుకుంటున్నారేమో, అలా జరగదు. మార్పు ప్రతుల చరిత్రలో మీ పేరుతో నమోదవుతుంది. షీట్‌లో మార్పులు జరిగినప్పుడల్లా మెయిల్ వచ్చేలా ఆవిడ పెట్టుకుని ఉంటే, నిమిషాల్లో ఆవిడకు తెలుస్తుంది. నాతో చెప్పకుండా నా ఫార్ములా మార్చారు అన్న భావన, తప్పు చెప్పినప్పటికంటే ఎక్కువ నొప్పిస్తుంది. అంతకంటే ముఖ్యమైన చిక్కు ఇంకొకటి ఉంది. 412 అన్న అంకె ఆ సెల్‌లోనే ఆగిపోలేదు. అదే షీట్‌లోని సారాంశం ట్యాబ్ D16 నుంచి అంకెను తీసుకుంటుంటే, మీరు సరిచేయగానే అక్కడా మారిపోతుంది. నివేదిక డాక్యుమెంట్‌లో ఎవరో చేత్తో "412 మంది" అని టైప్ చేసి ఉంటే అది మారదు. స్లైడ్‌లలోకి తెచ్చిన చార్టు షీట్‌కు ముడిపడి ఉన్నా, ఎవరైనా `Update` నొక్కేదాకా పాత అంకెనే చూపిస్తుంది. ఇప్పటికే దించుకుని మెయిల్‌లో పంపిన ప్రతుల సంగతి సరేసరి. మీరు గుట్టుగా సరిచేస్తే ఎల్లుండి డైరెక్టర్ గారి ముందు షీట్ ఒక అంకె, స్లైడ్ ఒక అంకె చెబుతాయి. అప్పుడు లేచి సమాధానం చెప్పాల్సింది ఆవిడే, ఎందుకు మారిందో తెలియనిది కూడా ఆవిడకే.

కాబట్టి రాసే ముందు 412 ఎక్కడెక్కడికి వెళ్లిందో ఒక చీటీ మీద రాసుకోండి. షీట్‌లో, నివేదికలో, స్లైడ్‌లో మీరు చూడగలిగినంత మేరకు చాలు. ఎంత త్వరగా చెప్పాలో, ఫోనులోనా రాతలోనా అన్నది కూడా ఆ చీటీయే తేలుస్తుంది. అంకె షీట్ దాటి పోకపోతే సాయంత్రం లోపు ఒక సందేశం సరిపోతుంది. స్లైడ్ దాకా వెళ్లి ఉంటే, సందేశం పెట్టి ఒక ఫోను కూడా చేయండి.

కామెంట్ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. ఆ షీట్‌ను దిద్దగలిగే ప్రతి ఒక్కరికీ కామెంట్ కనబడుతుంది. ఆవిడను ప్రస్తావిస్తే ఆవిడకు మెయిల్ వెళ్తుంది, షీట్ యజమాని వేరే మనిషైతే ఆయనకూ వెళ్లవచ్చు. తర్వాత మీరు కామెంట్ తీసేసినా వెళ్లిన మెయిల్ వెనక్కి రాదు. ఆవిడ "పరిష్కారమైంది" అని మూసినా అది కామెంట్ల చరిత్రలో ఉండిపోతుంది. అక్షరదోషానికి, తేదీ పొరపాటుకు, చదవడానికి తికమకగా ఉన్న వాక్యానికి కామెంట్ నిక్షేపంగా పెట్టవచ్చు. డాక్యుమెంట్ అయితే సూచన రూపంలో దిద్ది వదిలేయవచ్చు, రాసినవాళ్లు ఒప్పుకుంటే ఒక్క క్లిక్‌తో చేరిపోతుంది. షీట్‌లో అలాంటి సూచన విధానం లేదు. డైరెక్టర్ గారి దాకా వెళ్లే మొత్తంలో తేడాను పదిమందీ చూసే చోట మొదటిసారి ఆవిడ చదవాల్సి రావడం బాగుండదు. ఆవిడ సీనియర్ కాకపోయినా ఇదే మాట చెప్పేవాణ్ణి.

సరే, సందేశం. సాధారణంగా ఇలాంటి సందర్భంలో మొదటిసారి చేతికొచ్చే సందేశం ఇలా ఉంటుంది:

"నమస్తే మేడం. తప్పుగా అనుకోకండి, మీరు చేసిన షీట్ చాలా బాగుంది. ఒక చిన్న పొరపాటు జరిగిందేమో అనిపిస్తోంది. నాకే సరిగ్గా అర్థం కాలేదేమో. మీకు వీలున్నప్పుడు మొత్తం ఒకసారి చూడగలరా? ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి."

ఇందులో మర్యాదకు కొదవ లేదు, సమాచారమే లేదు. ఏ సెల్, ఏ మొత్తం, ఎంత తేడా అన్న ముక్క ఒక్కటీ లేదు. చదివినావిడ తిరిగి మిమ్మల్ని అడగాలి, లేదా షీట్ అంతా వెతకాలి. "తప్పుగా అనుకోకండి" అనగానే చదివేవాళ్లు తప్పుగా అనుకోవలసినదేదో వస్తోందని సర్దుకుని కూర్చుంటారు. "చిన్న పొరపాటు" అన్నారు, డైరెక్టర్ గారి ముందుకు వెళ్లే మొత్తంలో 44 మంది తేడా చిన్నది కాదు. చిన్నదన్నారు కాబట్టి, "వీలున్నప్పుడు" అన్నారు కాబట్టి, ఆవిడ వచ్చే వారం చూస్తారు. అది ఆవిడ తప్పు కాదు. ఇక "నాకే అర్థం కాలేదేమో" అన్నది నాకు బొత్తిగా నచ్చని మాట. మీకు స్పష్టంగా అర్థమైంది, కూడి మరీ చూశారు. తెలిసీ తెలియనట్టు నటిస్తే అనుభవమున్నవాళ్లు ఇట్టే పసిగడతారు, తమను పసిపిల్లల్లా బుజ్జగిస్తున్నారని అనుకుంటారు. ముందు పొగిడి, మధ్యలో తప్పు చెప్పి, చివర మళ్లీ పొగడటం కూడా ఇంతే. మొదటి పొగడ్త పూర్తికాకముందే "అయితే" ఎప్పుడొస్తుందా అని చూస్తారు.

దీనికి బదులు ఇలా రాసి చూడండి:

"నమస్తే మేడం. శిక్షణ షీట్‌లో D16 మొత్తం గురించి రాస్తున్నాను. ఫార్ములా D2 నుంచి D13 వరకు కూడుతోంది, 14, 15 వరుసల్లోని 26, 18 మంది అందులో కలవడం లేదు. ఇప్పుడు 412 చూపిస్తోంది, ఆ రెండూ కలిపితే 456 అవుతుంది. ఆ రెండు వరుసలను కావాలనే వదిలేశారా, లేక కలవాలా? కలవాలంటే నివేదిక మొదటి పేజీలోనూ మూడో స్లైడ్‌లోనూ 412 అనే ఉంది, అవి కూడా మారాలి. స్లైడ్లు ఎల్లుండి ఉదయం వెళ్తున్నాయి కాబట్టి రేపు మధ్యాహ్నం లోపు చూస్తే సరిపోతుంది. సెల్‌ను నేను మార్చలేదు. సెల్ లింకు కింద ఇస్తున్నాను."

లింకు కోసం సెల్ మీద కుడి క్లిక్ చేసి `View more cell actions > Get link to this cell` నొక్కండి. ఆవిడ దాన్ని నొక్కగానే నేరుగా D16 దగ్గరే తెరుచుకుంటుంది. ఇది చిన్న సౌకర్యంగా కనిపిస్తుంది కానీ, ఫోనులో చూసేవాళ్లకు చాలా మేలు.

ఈ సందేశంలో "మీరు" అన్న మాట అసలు రాలేదు, గమనించారా? తెలుగులో ఆ వెసులుబాటు ఉంది. క్రియలోనే మనిషి ఇమిడిపోతాడు, కాబట్టి సెల్, ఫార్ములా, వరుసలే వాక్యాలను నడుపుతాయి. ఆవిడ చేసినదిగా వచ్చిన క్రియ ఒకటే, "వదిలేశారా". అది కూడా ప్రశ్న, పైగా నిజమైన ప్రశ్న. మీకు నిజంగానే దాని జవాబు తెలియదు. అలాగని "ఎవరో మార్చినట్టున్నారు" అని రాయకండి. ఎవరు రాశారో ఇద్దరికీ తెలిసినప్పుడు "ఎవరో" అనడం ఎత్తిపొడుపులా వినిపిస్తుంది. "సెల్‌ను నేను మార్చలేదు" అన్న వాక్యాన్ని మాత్రం తీసేయకండి. తన పని ఇంకా తన చేతిలోనే ఉందని ఆవిడకు ముందుగా తెలియాల్సింది అదే.

సందేశానికి ఒక చిత్రం జత చేయాలనిపిస్తే, ఫార్ములా కనబడేలా D16ను ఎంచుకుని తీసిన చిత్రం పంపండి. ఆవిడ పేరు కనబడే చరిత్ర పట్టీని మాత్రం పంపకండి. ఎంత మెత్తని మాటలతో పంపినా అది సాక్ష్యం పట్టుకొచ్చినట్టే ఉంటుంది.

ఫోనులో చెబితే వరుస మార్చాలి. రాతలో అంకెలు ముందు రావచ్చు, చదివేవాళ్లు వెనక్కి వెళ్లి చూసుకోగలరు. ఫోనులో అంకెలు గాలిలో పోతాయి. "మేడం, శిక్షణ షీట్ మొత్తం గురించి ఒక మాట. ఇప్పుడు షీట్ తెరవగలరా?" అని ఆగండి. తెరిచాక "D16 చూడండి" అనండి, మళ్లీ ఆగండి. చాలామంది అక్కడే, మీరు మరో మాట అనకముందే, "అయ్యో, రెండు వరుసలు రాలేదు" అని తామే చెప్పేస్తారు. తప్పును తానే కనిపెట్టినప్పుడు మనిషికి కోపం రావడానికి చోటుండదు. తెరవడం కుదరని చోట ఉంటే వివరాలు చెప్పకుండా "సందేశం పెడతాను, సాయంత్రం చూడండి" అని ముగించండి.

ఇక ఆవిడ ఏమనవచ్చు?

"థాంక్స్, మారుస్తాను" అంటే మంచిదే. మారాక ఒకసారి చూడండి. SUM సరైపోయి స్లైడ్ మిగిలిపోవడం మామూలుగా జరిగేదే.

"అవి కావాలనే వదిలాను" అనవచ్చు. అప్పుడు తప్పు ఫార్ములాలో లేదు, పక్కన ఉన్న పేరులో ఉంది. చూసేవాళ్లందరికీ "మొత్తం" అనే కనబడుతోంది కదా. "అయితే దాని పక్కన '14, 15 మినహా' అని రాస్తే బాగుంటుందేమో మేడం, లేకపోతే నాలాగే ఇంకొకరు కూడి అడుగుతారు" అని చెప్పవచ్చు. మీరు ప్రశ్నగా అడిగి ఉండటం ఇక్కడ కాపాడుతుంది. "మొత్తం తప్పు" అని రాసి ఉంటే ఇప్పుడు మీరు వెనక్కి తగ్గాల్సి వచ్చేది.

"నేను రాసినప్పుడు సరిగ్గానే ఉంది, తర్వాత ఎవరో వరుసలు చేర్చారు" అని కాస్త విసురుగా అనవచ్చు. మీరు పాత ప్రతులు చూసి ఉంటే, అది నిజమో కాదో మీకు తెలుసు. నిజమైతే "అవును మేడం, అప్పటికి పన్నెండు వరుసలే ఉన్నాయి" అనండి. ఆ ఒక్క మాటతో విసురు దిగిపోవడం చాలాసార్లు చూశాను. నిజం కాకపోతే, ఆ వరుసలు కూడా ఆవిడే చేర్చి ఉంటే, ఏమీ అనకండి. "ఇప్పుడు D15 దాకా మార్చేస్తే సరిపోతుంది కదా మేడం" అని పని వైపు తిప్పండి. మీకు కావలసింది 456 కనబడటం, ఆవిడ ఒప్పుకోవడం కాదు.

అన్నింటికంటే ఇబ్బంది, జవాబే రాకపోవడం. సందేశం చూసినట్టు గుర్తు ఉండి కూడా రేపు ఉదయం దాకా ఉలుకూ పలుకూ లేకపోతే, కోపం వచ్చిందేమో అని ఊహించుకుంటూ కూర్చోకండి. ఎక్కువసార్లు కారణం పని ఒత్తిడే. రేపు ఉదయం ఫోను చేసి, దొరక్కపోతే ఇలా రాయండి: "మేడం, D16 గురించి నిన్న రాశాను. స్లైడ్లు ఈరోజు సాయంత్రానికి సిద్ధమవ్వాలి. మీకు వీలు కాకపోతే, మీరు సరేనంటే ఫార్ములాను D15 దాకా నేను మార్చి, ఏం మార్చానో మీకు రాస్తాను." అనుమతి అడగడం, ఏం మారుస్తారో ముందే చెప్పడం, రెండూ ఇందులో ఉన్నాయి.

దానికీ జవాబు లేక సాయంత్రమైపోతే, అప్పుడు స్లైడ్లు చూసుకుంటున్నవాళ్లకు చెప్పక తప్పదు. కానీ అక్కడ కూడా మనిషి ప్రసక్తి లేకుండా చెప్పవచ్చు: "శిక్షణార్థుల మొత్తాన్ని ఇంకా సరిచూస్తున్నాం, అది ఖాయమయ్యేదాకా 412 వాడకండి." ఇందులో అబద్ధం లేదు, ఆవిడ పేరూ లేదు. చెప్పిన వెంటనే ఆవిడకూ అదే వాక్యం పంపండి, తన వెనకాల ఏం మాట్లాడారో అన్న అనుమానానికి తావు ఉండదు. మీ మేనేజర్ "ఎవరు రాశారు?" అని అడిగితే, "వరుసలు తర్వాత చేరాయి, పరిధి సాగలేదు" అని జరిగింది చెప్పండి. ఆయనకు నిజంగా అవసరమైన సమాచారం అదే. ఇంకా గుచ్చి అడిగితే దాచనక్కర్లేదు, కానీ అడగకముందే చెప్పనూ అక్కర్లేదు.

సరిచేశాక, 412 ఇప్పటికే బయటికి వెళ్లి ఉంటే అందరికీ ఒక మాట చెప్పాలి. ఆ మాట ఆవిడ నోటి నుంచే రావాలి. ముసాయిదా మీరు రాసి ఇవ్వవచ్చు: "శిక్షణార్థుల మొత్తం 412కు బదులు 456. 14, 15 వరుసలు ఇప్పుడు మొత్తంలో కలిశాయి. ఇంతకుముందు దించుకున్న ప్రతులు ఉంటే వాటిని వాడకండి." మూడు వాక్యాలు చాలు. పొరపాటును ఎవరు పట్టుకున్నారో అందులో ఉండకూడదు. ఆవిడ తనంతట తాను మీ పేరు రాస్తే అది వేరే సంగతి. మార్పుకు ముందు `File > Version history > Name current version` తో ఆ ప్రతికి "మొత్తం సవరణకు ముందు" అని పేరు పెట్టుకోమని చెప్పండి. తర్వాత ఎవరైనా 412 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే వెతుక్కునే పని ఉండదు.

ఇదంతా ఇప్పుడు తీరుబడిగా చెబుతున్నాను. ఒకవేళ మీరు చెప్పేలోపే ఏదో సమావేశంలో ఆ షీట్ తెర మీదికి వస్తే, అంకెను చదువుతున్నది ఆవిడే అయితే, అక్కడ "అది 456 మేడం" అనకండి. విరామంలో పక్కకు పిలిచి చెప్పండి. విరామం లేకపోతే, అంకె మీద అక్కడికక్కడ ఏదైనా నిర్ణయం తీసుకోబోతుంటే మాత్రమే కలగజేసుకోండి: "ఈ మొత్తంలో చివరి రెండు వరుసలు ఇంకా కలవలేదనుకుంటాను, ఒక్కసారి చూసి చెబుతాం." "చూసి చెబుతాం" అనడంలో మీరు ఆవిడ పక్కన నిలబడ్డారు.

చివరగా, ఇది మళ్లీ జరగకుండా ఉండే ఉపాయం ఒకటి ఉంది. వివరాలకూ మొత్తానికీ మధ్య ఒక ఖాళీ వరుస ఉంచి, దాన్ని కూడా పరిధిలో కలిపేయాలి. మీ షీట్‌లో 16వ వరుసను ఖాళీగా ఉంచి, మొత్తాన్ని 17లోకి జరిపితే ఫార్ములా ఇలా ఉంటుంది:

```
=SUM(D2:D16)
```

కొత్త విభాగాన్ని ఎప్పుడూ ఆ ఖాళీ వరుసకు పైన చేర్చాలి. అప్పుడది పరిధి మధ్యలో పడుతుంది కాబట్టి ఫార్ములా దానంతట అదే సాగుతుంది. ఖాళీ సెల్ వల్ల మొత్తం మారదు. ఆ వరుసకు లేత బూడిద రంగు వేసి "దీనికి పైన చేర్చండి" అని రాస్తే కొత్తవాళ్లకూ తెలుస్తుంది. అయితే మొత్తం 17వ వరుసలోకి జరిగాక, సారాంశం ట్యాబ్ సరైన సెల్‌నే చూస్తోందా అని ఒకసారి సరిచూసుకోవాలి. ఈ ఉపాయాన్ని మాత్రం ఇప్పటి సందేశంలో ఇరికించకండి. తప్పు చెప్పిన నోటితోనే పాఠం కూడా చెబితే రెండోదే గుర్తుండిపోతుంది. ఎల్లుండి నివేదిక వెళ్లిపోయాక, వచ్చే నెల షీట్ తయారుచేసే సమయానికి ఆవిడతో అనండి. అప్పటికి అది 412 గురించిన మాట కాదు, కొత్త షీట్ గురించిన మాట.